కుడి ఆరు, ఎడమ నాలుగు

ఇంట్లో ఆమెను గాబరా అని పిలిచేవారు. అసలు పేరు పాసుపుస్తకంలో ఉంది, కానీ ఆ పేరుతో పిలిస్తే ఆమె కూడా వెంటనే పలికేది కాదు. పాలు పొంగకముందే స్టవ్ కట్టేసేది. బస్సు ఆగకముందే లేచి నిలబడేది. నలభై ఆరేళ్ళ వయసుకు ఐదు ఉద్యోగాలు మారింది. టైపిస్టుగా చేసింది, సినిమా హాల్లో టికెట్లు చింపింది, చివరికి ఒక ట్రావెల్స్ కంపెనీలో ఫోన్లు ఎత్తింది. ఆ కంపెనీ మూతపడ్డాక అన్నయ్య ఇంటికి వచ్చి, వదినతో కలిసి వంటింట్లో గిన్నెలు చప్పుడు చేస్తూ తిరుగుతోంది.

ఆమె ఎడమ పాదం కుడి పాదానికన్నా రెండు నంబర్లు చిన్నది. పసితనంలో వచ్చిన జ్వరం ఆ కాలు ఎదుగుదలను ఆపేసింది. వాళ్ళ నాన్నది బూట్లు కుట్టే పని. కూతురి కోసం ఆయన కుడి ఒక కొలతా, ఎడమ ఒక కొలతా పెట్టి, ఎడమ అట్ట కింద ఎత్తు కట్టి జత కుట్టాడు. అది చూసి పక్కనే ఉన్న ఎముకల ఆసుపత్రి డాక్టర్లు తమ దగ్గరకు వచ్చేవాళ్ళను ఆయన దగ్గరకు పంపడం మొదలుపెట్టారు. ఆయన పోయాక అన్నయ్య ఆ పీట మీద కూర్చున్నాడు.

ఆసుపత్రి ఊరి చివరికి మారిపోయింది. దాంతో సందులోకి మనిషి రావడం తగ్గింది. అన్నయ్య పొద్దున ఇంటి ముందు గదిలోని దుకాణం షట్టరెత్తి, తోలు ముక్కలు సర్దుకుని, వీధి వైపు చూస్తూ కూర్చునేవాడు. అది చూడలేక ఒకరోజు గాబరా ఫోను ముందు పెట్టింది.

"ఆన్‌లైన్‌లో అమ్ముదాం అన్నయ్యా. దేశంలో నాలాంటి కాళ్ళు నా ఒక్కదానికే ఉన్నాయా?"

"కొలతలెవరు తీస్తారే?"

"కాయితం మీద పాదం పెట్టి పెన్సిల్‌తో గీసి, ఫొటో తీసి పంపమందాం. నాన్న చేసింది అదేగా."

అన్నయ్య సూది నోట్లో పెట్టుకుని తల ఊపాడు. ఊపాడో లేదో కూడా చూడకుండా ఆమె పని మొదలుపెట్టింది.

షాపు పేజీ తయారుచేయడం ఒక పూటలో అయిపోయింది. నెలకింత అద్దె కడితే తయారుగా ఉండే షాపులు దొరుకుతాయి, బొమ్మలు పెట్టి ధర వేసుకోవడమే. చిక్కంతా డబ్బు తీసుకునే దగ్గర వచ్చింది. కొనేవాళ్ళ కార్డు నుంచి, ఫోను నుంచి డబ్బు తీసుకుని, తన వాటా పట్టుకుని, మిగతాది రెండు మూడు రోజుల్లో మన ఖాతాలో వేసే కంపెనీ ఒకటుంటుంది. దానికి అర్జీ పెట్టింది. తిప్పి పంపారు. దుకాణం బోర్డు మీద నాన్న పేరుంది, పన్ను రిజిస్ట్రేషన్ అన్నయ్య పేరున ఉంది, బ్యాంకు ఖాతా అన్నయ్యా వదినా ఇద్దరి పేరున ఉంది. మూడూ ఒకటిగా లేకపోతే డబ్బు వేసేది లేదన్నారు. ఆమె బోర్డు మీది పేరును రిజిస్ట్రేషన్‌లో చేర్పించి, అన్నయ్యను పీట మీంచి లేపి బ్యాంకుకు లాక్కుపోయి, ఆ పేరుతోనే దుకాణానికి వ్యాపార ఖాతా తెరిపించింది. మళ్ళీ తిప్పి పంపారు. పేజీలో చిరునామా, ఫోను నంబరు, డబ్బు వాపసు షరతులు కనపడాలట. కొలత ప్రకారం కుట్టినవి వెనక్కి తీసుకోబోమని, బిగుతైనా వదులైనా ఉచితంగా సరిచేసి పంపుతామని రాసింది. అప్పుడు ఒప్పుకున్నారు.

ఒప్పుకున్న రోజు మధ్యాహ్నం ఫోను టింగుమంది.

"ఆర్డరొచ్చింది వదినా" అని వంటింట్లోకి పరిగెత్తింది. వదిన చేతులు తుడుచుకుని వచ్చి ఫోను చూసింది.

"ఇది నీ పేరే కదమ్మాయ్."

పొద్దున తనే ఉత్తుత్తి కార్డు నంబరుతో వేసుకున్న పరీక్ష ఆర్డరు అది. షాపు ఇంకా పరీక్ష మోడ్‌లోనే ఉంది. ఆ మోడ్‌లో ఎన్ని ఆర్డర్లొచ్చినా పైసా కదలదు. నాలుక కరుచుకుని అసలు మోడ్‌లోకి మార్చి, ఈసారి సొంత కార్డుతో మేజోళ్ళ జత ఒకటి కొని, డబ్బు నిజంగా ఖాతాలో పడేదాకా రోజుకు పదిసార్లు బ్యాంకు మెసేజీలు చూసుకుంది.

కొరియర్ లెక్క ఆమెను ఇంకో రకంగా తిప్పింది. బరువును బట్టే చార్జీ అనుకుంది. కానీ పెట్టె పొడుగూ వెడల్పూ ఎత్తూ గుణించి, దాన్నొక అంకెతో భాగించి, వచ్చినదాన్ని కూడా బరువే అంటారు. అసలు బరువూ ఈ బరువూ రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే చార్జీ. ఎత్తు మడమల బూట్లు పెద్ద పెట్టెలో గాలిని కూడా మోసుకెళ్తున్నాయని తెలిసి, మూడు సైజుల పెట్టెలు వేరువేరుగా చేయించింది. ఊళ్ళోకి ఒక చార్జీ, దూరప్రాంతాలకు ఒకటి, కొండ ఊళ్ళకు ఇంకొకటి పెట్టింది. వదిన మాత్రం కొండ ఊళ్ళ వాళ్ళ మీద జాలిపడింది.

"కొండెక్కే వాళ్ళకే కదా మంచి బూట్లు కావాలి."

"కొరియర్ వాడు కొండెక్కనంటున్నాడు వదినా, నేనేం చేయను?"

చివరికి కొండ ఊళ్ళ చార్జీలో సగం దుకాణమే భరించేట్టు రాజీ కుదిరింది.

పన్ను విషయం ఆడిటరు గారు చూసుకునేవారు. ఆయన ఆఫీసు మేడ మీద, ఫైళ్ళ కట్టల మధ్య ఉంటుంది. గాబరా మెట్లెక్కి ఆయాసపడుతూ ఎదురుగా కూర్చునేలోపే మూడు ప్రశ్నలు అడిగేసింది.

"ఒక్కోటి అడగమ్మా" అన్నారాయన. "మామూలు బూట్లకు ఒక రేటు, పాదం లోపం సరిచేసే వాటికి తక్కువ రేటు. రెంటికీ కోడ్‌లు వేరు. షాపులో ఒక్కో సరుకుకు దాని కోడ్ వేయండి, రేటు దానంతటదే పడుతుంది. మీరు పేజీలో పెట్టిన ధర పన్నుతో కలిపిన ధర అయితే అలా అని సెట్టింగులో చెప్పాలి. చెప్పకపోతే పన్ను మీద మళ్ళీ పన్ను పడుతుంది. కొరియర్ చార్జీ వేస్తే సరుకుకు ఏ రేటో దానికీ అదే. ఇన్‌వాయిస్ నంబర్లు వరసగా ఉండాలి, మధ్యలో ఖాళీ ఉండకూడదు. వస్తువేమిటో బిల్లు మీద తెలియాలి."

ఆమె ఆ ఆఖరి మాట గట్టిగా పట్టుకుంది. తక్కువ రేటు కదా, రేపెవరైనా అడిగితే తిప్పలు ఎందుకని, బిల్లు మీద పడే పేరు దగ్గర పన్ను జాబితాలో ఉన్న మాటలనే దింపేసింది. 'వికలాంగుల పాదరక్షలు.' మరో ఆలోచన లేకుండా సేవ్ నొక్కి పై పనిలో పడింది.

అన్నయ్య ఒక్క విషయంలోనే అడ్డు చెప్పాడు. వస్తువు చేతికందాక డబ్బిచ్చే పద్ధతి పెట్టొద్దన్నాడు.

"మామూలు జోడు అయితే తిరిగొచ్చినా ఇంకొకరికి అమ్ముకోవచ్చు. కుడి తొమ్మిదీ ఎడమ ఏడూ కుట్టింది తిరిగొస్తే ఎవరి కాలికి తొడగమంటావే?"

"కొత్త దుకాణం అన్నయ్యా. మొహం తెలియనివాళ్ళకు ముందే డబ్బు ఎవరిస్తారు? నేనైతే ఇవ్వను."

అది నిజమే కాబట్టి అన్నయ్య ఒప్పుకున్నాడు. ఆర్డర్లు కూడా అలాగే వచ్చాయి, దాదాపు అన్నీ చేతికందాక డబ్బు ఇస్తామన్నవే. పొద్దున్నే పాదాల బొమ్మలు ఫోనులోకి దిగేవి. కొందరు పాఠ్యపుస్తకం వెనక గీసేవారు, ఒకాయన గోడ క్యాలెండరు చింపి గీశాడు. అన్నయ్య వాటిని ఒక్కొక్కటే అచ్చు తీయించి గోడకు గుచ్చి, చాలా రోజుల తర్వాత మళ్ళీ ఈల వేస్తూ పని చేశాడు. గాబరా పెట్టెలు కట్టి, చిరునామా లేబులూ బిల్లు కాపీ ప్లాస్టిక్ కవరులో పెట్టి పైన అంటించి, కొరియర్ కుర్రాడి బండి దాకా తనే మోసేది.

తర్వాత పెట్టెలు తిరిగి రావడం మొదలైంది.

మొదటి దానికి ఆమె పెద్దగా పట్టించుకోలేదు. రెండోది వచ్చిన రోజు అన్నం సయించలేదు. నాలుగోది వచ్చేసరికి అన్నయ్య ఈల ఆగిపోయింది. ఆయన తిట్టలేదు. 'తిరస్కరించారు' అని ముద్ర పడ్డ పెట్టెలను విప్పి, బూట్లు తుడిచి, పై అరలో జతలు జతలుగా పెట్టాడు. తిడితే బాగుండుననిపించింది ఆమెకు. ఆ అర కంట పడకుండా ఉండాలని ముందు గదిలో కూర్చోవడం మానేసి, వెనక వరండాలోకి కుర్చీ లాక్కుంది. అక్కడా కుదురుగా ఉండలేక, తిరిగొచ్చిన ఆర్డర్ల బిల్లులను షాపు లెక్కలోంచి చెరిపేసింది. అమ్మకమే కానప్పుడు బిల్లెందుకని.

నెలాఖరున ఆడిటరు గారి దగ్గర్నుంచి ఫోను వచ్చింది.

"అమ్మా, నంబర్లలో ఖాళీలు ఉన్నాయేమిటి?"

"తిరిగొచ్చాయండి. తీసేశాను."

"ఒకసారి ఇచ్చిన బిల్లును తీసేయకూడదమ్మా. దాని మీద క్రెడిట్ నోట్ ఇవ్వాలి. ఫలానా నంబరు బిల్లు సరుకు తిరిగొచ్చింది, అంత అమ్మకమూ అంత పన్నూ తగ్గించుకుంటున్నాం అని. బిల్లూ ఉండాలి, నోటూ ఉండాలి. నంబరు మాయమైతే దాచారనుకుంటారు."

అదృష్టం కొద్దీ షాపు సాఫ్ట్‌వేరు చెరిపినవాటిని నెల రోజులు ఉంచుతుంది. అన్నీ వెనక్కి తెచ్చి, ఒక్కోదానికీ నోటు రాసింది. రాస్తుంటే ఒక్కో పేరూ కంటి ముందుకొచ్చింది. ఎందుకు వద్దన్నారు? కొలత కుదరలేదని ఒక్కరూ రాయలేదు. పెట్టె విప్పినవాళ్ళే లేరు. ఆ ప్రశ్నతో కూర్చోలేక, నిలబడలేక ఫోను తీసింది.

ఒక పెద్దాయన ఆశ్చర్యపోయాడు. "ఎవరూ రాలేదే తల్లీ. నేను గుమ్మంలోనే కూర్చున్నాను." కొరియర్ మనిషి తలుపు తట్టకుండానే ముద్ర వేసేశాడన్నమాట. ఆయనకు మళ్ళీ పంపుతానంది. ఒకావిడ మనసు మారిందని చెప్పి పెట్టేసింది. ఇంకొకరి ఫోను మోగుతూనే ఉంది. నాలుగో మనిషి కుడి ఎనిమిది, ఎడమ ఆరు. చిరునామా ఏదో కంపెనీ ఆఫీసుది.

"సార్, బూట్ల షాపు నుంచండీ. మీ పార్సిల్ తిరిగొచ్చింది. కొలతల్లో ఏదైనా తేడా ఉందేమోనని."

అటువైపు కుర్చీ జరిగింది. తర్వాత తలుపు వేసిన చప్పుడు. "కొలతలకేం మేడమ్. నేను విప్పనే లేదు. మీకు పోనూ రానూ పడిన చార్జీ చెప్పండి, పంపిస్తాను."

"చార్జీ కోసం కాదు సార్. ఆ బూట్లు మీకు తప్ప ఇంకెవరికీ పట్టవు. ఎందుకు వద్దన్నారో చెబితే, ఇంకొకరి దగ్గర ఆ పొరపాటు చేయం."

"మీ పెట్టె మీద ఏం రాసుంటుందో ఎప్పుడైనా చదివారా?"

ఆమె పై అర వైపు నడిచింది. పెట్టె పక్కనే ఉంది. మడిచిన బిల్లు కాయితం ప్లాస్టిక్ కవరులోంచి సరిగ్గా వస్తువు పేరున్న వరుస దగ్గరే బయటికి కనిపిస్తోంది. లేబులు మీద కూడా అదే పేరు, ఇంకా లావు అక్షరాల్లో. షాపు సాఫ్ట్‌వేరు బిల్లులో ఉన్న పేరునే లేబుల్లోకి తీసుకుంటుందని ఆమెకు తట్టనే లేదు.

"ఆరేళ్ళ నుంచి ఇక్కడ పనిచేస్తున్నాను మేడమ్" అన్నాడతను, గొంతు తగ్గించి. "ప్యాంట్లు కాస్త పొడుగ్గా కుట్టించుకుంటాను. ఎవరికీ తెలియదు. ఆర్డరు కూడా ఇంట్లో పిలిచే పేరుతోనే వేశాను. ఆ రోజు లంచ్ టైములో రిసెప్షన్ ఆవిడ పెట్టె పట్టుకుని, వికలాంగుల పాదరక్షలు, ఎవరివండీ అని గట్టిగా అడిగింది. లిఫ్టు ముందు అందరూ ఉన్నారు. నేను పలకలేదు."

గాబరా తన ఎడమ కాలి వైపు చూసుకుంది. ట్రావెల్స్ కంపెనీలో ఆమె అందరికన్నా ముందు వచ్చేది, అందరూ వెళ్ళాక లేచేది. గాబరా మనిషికి అంత ఓపిక ఎక్కడిదని అక్కడివాళ్ళు అనుకునేవారు. కౌంటరు వెనక కూర్చున్నంతసేపూ ఆమె అందరిలాగానే ఉండేది.

"నావి కుడి ఆరు, ఎడమ నాలుగు సార్" అంది.

"మరి అది రాసిందెవరు?"

"నేనే."

అతను తిట్టలేదు, ఫోను పెట్టేయనూ లేదు. "సరే మేడమ్" అన్నాడు చివరికి. "చూసుకోండి."

ఆ మధ్యాహ్నమే ఆమె మళ్ళీ ఆడిటరు గారి మెట్లెక్కింది.

"ఆ మాట లేకుండా బిల్లు చెల్లదా అండీ?"

"ఆ మాటే ఉండాలని నేను చెప్పలేదే. వస్తువు తెలిస్తే చాలు. కొలత ప్రకారం కుట్టిన తోలు బూట్లు, కుడి ఇంత, ఎడమ ఇంత అని రాయండి. తక్కువ రేటు ఎందుకో కోడ్ చెబుతుంది. ఎవరైనా అడిగితే చూపించడానికి వాళ్ళు పంపిన కొలతల కాయితం ఫైలులో ఉంచండి. అయినా బిల్లు పెట్టె మీదెందుకమ్మా?"

"కాపీ సరుకుతో వెళ్ళాలన్నారు కొరియర్ వాళ్ళు."

"సరుకుతో వెళ్ళాలన్నారు గానీ, ఊరంతా చదవాలన్నారా?"

ఆమె తిరిగొచ్చి కొరియర్ ఆఫీసులో కనుక్కుంది. మందపాటి కవరులో మూసి అంటిస్తే వాళ్ళకు అభ్యంతరం లేదు. షాపు సెట్టింగుల్లో వెతగ్గా వెతగ్గా, లేబులు మీద వేసే పేరును వేరుగా పెట్టుకునే చోటు దొరికింది. అక్కడ 'పాదరక్షలు' అని మాత్రం రాసింది. కొత్త లేబుల్ అంటించిన పెట్టెను వదిన చేతికిచ్చి, వీధి గుమ్మంలో నిలబెట్టి, "గట్టిగా చదువు వదినా" అంది. వదిన ముందు పేరు, తర్వాత చిరునామా, చివర పాదరక్షలు అని చదివింది. సందులో పోతున్నవాళ్ళు ఒకరిద్దరు తలెత్తి చూసి, ఏమీ అనిపించక వెళ్ళిపోయారు.

డబ్బు తీసుకునే పద్ధతి కూడా ఆ రోజే మార్చింది. మామూలు బూట్లకు చేతికందాకే డబ్బు. కొలత ప్రకారం కుట్టేవాటికి మూడోవంతు ముందే కట్టాలి, మిగతాది పెట్టె అందాక. ముందు తీసుకున్నదానికి రసీదు, పెట్టె బయల్దేరే రోజు పూర్తి ఇన్‌వాయిస్, అందులో ముందు కట్టినది తీసేసి మిగిలింది ఎంతో కొరియర్ లేబులు మీద. వదిన పేరున ఒక ఆర్డరు వేసి చూస్తే, మిగిలిందానికి బదులు మొత్తం వసూలు చేయమని లేబులు చూపించింది. దాన్ని సరిచేసి, మళ్ళీ వదిన పేరునే ఇంకో ఆర్డరు వేసింది.

"నాకు ఒక్క జత కూడా రాదు గానీ, నా పేరున మాత్రం రోజూ కొంటున్నారు" అంది వదిన.

మూడోవంతు ముందు అనేసరికి ఆర్డర్లు సగానికి పడిపోయాయి. గాబరా ఆ నియమం తీసేయబోయింది. అన్నయ్య మాత్రం ఈసారి ఆమెను ఆపాడు. "వచ్చిన సగం నిలబడేవి కదే. ఊపిరి పీల్చుకో." ఆమె ఊపిరి పీల్చుకోలేదు గానీ, నియమాన్ని మార్చలేదు.

పది రోజులకు కుడి ఎనిమిది, ఎడమ ఆరు మనిషి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. బూట్లు ఇంకా ఉన్నాయా అని. ఉన్నాయని చెప్పి, డబ్బు కట్టే లింకు పంపింది. మొత్తం ముందే కట్టేశాడు. చిరునామా ఇంటిది. పాత బిల్లుకు క్రెడిట్ నోట్ అప్పటికే ఉంది కాబట్టి, కొత్త తేదీతో, వరుసలో ఆ రోజుకొచ్చిన నంబరుతో కొత్త బిల్లు వేసింది. ఆ పెట్టెను కొరియర్ కుర్రాడికిచ్చేటప్పుడు రెండుసార్లు వెనక్కి తీసుకుని లేబులు చూసింది. మూడోసారి ఇవ్వనంటుందేమోనని అతను బండి స్టార్ట్ చేసి పెట్టుకున్నాడు.

ఆ వారమే ఇంకో ఆర్డరు వచ్చింది. పిల్లల సైజు, కుడి ఒకటి, ఎడమ పదమూడు; పిల్లల నంబర్లు పదమూడు దాటాక మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతాయి. చిరునామా చూడగానే ఆమె కుర్చీలోంచి లేచింది. అదే ఆఫీసు. పేరు వేరు. కింద చిన్న గమనిక ఉంది: 'మీ పెట్టె ఒకటి ఇక్కడికొచ్చి వెనక్కి వెళ్ళింది. దాని మీది షాపు పేరు రాసుకుని వెతికాను. మా పాపకు కావాలి.'

వెంటనే ఫోను చేసింది. "ఇంటి అడ్రసుకు పంపమంటారా అండీ? ఆఫీసులో అయితే నలుగురూ ఉంటారు."

"ఇంట్లో పగలు ఎవరుంటారండీ? నేనే రిసెప్షన్‌లో ఉంటాను, నేనే తీసుకుంటాను. ఆ రోజు ఆ పెట్టె ఎవరిదో గానీ, పిలిచి పిలిచి అలిసిపోయాను. ఇవి ఎక్కడ కుట్టించారు, పాపకు కుదురుతాయా అని అడుగుదామనుకున్నాను. ఒక్కరూ పలకలేదు."

ఆఫీసుకే పంపుతానని గాబరా చెప్పింది. ఫోను పెట్టాక గది ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. ఒక అంతస్తులో ఇద్దరు మనుషులు. ఒకరు ఎగతాళి చేశారని ఒకరు అనుకుంటున్నారు. తనకు రెండు వైపులా తెలుసు.

"అతనికి చెప్పేస్తే మనసు కుదుటపడుతుంది కదా అన్నయ్యా. ఆవిడకు కూడా తోడు దొరుకుతుంది."

అన్నయ్య అట్ట మీద గీత గీస్తూనే అన్నాడు. "ఆవిడ కొన్న సంగతి అతనికెందుకు చెబుతావు? అతను కొన్న సంగతి ఆవిడకెందుకు చెబుతావు? వాళ్ళు మనకిచ్చింది కొలతలు, చిరునామా. అంతవరకే మనది."

ఆమెకు ఆ మాట నచ్చలేదు. రెండు రోజులు ఫోను తీయడం, పెట్టడం చేసి, చివరికి ఎవరికీ ఏమీ చెప్పలేదు. పాప బూట్లకు మాత్రం కొరియర్ చార్జీ వేయలేదు. వదిన అడిగితే, పిల్లల పెట్టె చిన్నది కాబట్టి అని అబద్ధం చెప్పి, తర్వాత ఆ అబద్ధం నిలవడం కోసం షాపులో పిల్లల సైజులన్నిటికీ చార్జీ తీసేసింది.

దుకాణం గొప్పగా ఏమీ పెరగలేదు. అన్నయ్య చేతికి సరిపడా పని ఉంది. పెద్దాయన బూట్లు రెండోసారికి చేరాయి. మనసు మారినావిడ జతా, ఫోను ఎత్తని మనిషి జతా పై అరలోనే ఉండిపోయాయి. అన్నయ్య వాటిని నెలకోసారి తుడుస్తాడు.

ఎనిమిది నెలల తర్వాత రిసెప్షన్ ఆవిడ పాప పాదాల బొమ్మ మళ్ళీ పంపింది. కుడి ఒక నంబరు పెరిగింది, ఎడమ అర నంబరు. షాపులో అర నంబర్లు లేవు. గాబరా అప్పటికప్పుడే కూర్చుని, ఎడమకూ కుడికీ అర నంబర్లన్నీ ఒక్కొక్కటే చేర్చడం మొదలుపెట్టింది. అన్నం చల్లారిపోతోంది రమ్మని వదిన రెండుసార్లు పిలిచింది.

"ఇదిగో, వచ్చేస్తున్నా" అంది, లేవకుండా.